ఫోన్, ల్యాప్‌టాప్, క్లౌడ్ సర్వర్ మధ్య సింక్‌థింగ్ ఫోల్డర్: కాన్‌ఫ్లిక్ట్‌లు, తొలగింపులు చక్కబెట్టే పద్ధతి

ఒకే ఫోల్డర్‌ను ఫోన్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ క్లౌడ్‌లోనూ ఉంచుకునేవారు తరచుగా రెండు ప్రశ్నలు అడుగుతున్నారు. పేరులో `sync-conflict` అని ఉన్న ఫైల్ ఎక్కడి నుంచి వచ్చింది, దాన్ని తీసివేయవచ్చా అన్నది మొదటిది. ఫోన్‌లో తొలగించిన ఫైల్ ల్యాప్‌టాప్‌లో కూడా ఎందుకు పోయింది, దాన్ని తిరిగి తెచ్చుకోవడం ఎలా అన్నది రెండవది. ఈ రెండింటికీ, ఒకే ఫోల్డర్‌ను పలు పరికరాల్లో ఒకేలా ఉంచే సింక్‌థింగ్ అనే ప్రోగ్రామ్‌ను ఆధారంగా తీసుకుని ఇక్కడ వివరంగా సమాధానం ఇస్తున్నాను. ఇందులో క్లౌడ్ అంటే నెలవారీ అద్దెకు తీసుకున్న ఒక చిన్న లినక్స్ సర్వర్ అని, అది రాత్రింబవళ్లు ఆన్‌లో ఉంటుందని, ఫోన్, ల్యాప్‌టాప్ రెండూ దానితో కలిసి ఉంటాయని అనుకుందాం.

ఆండ్రాయిడ్‌లో సింక్‌థింగ్ అధికారిక యాప్ అభివృద్ధి 2024 డిసెంబరుతో ఆగిపోయింది. ఇప్పుడు వాడుకలో ఉన్నది సింక్‌థింగ్-ఫోర్క్. కింది దశలు దానికీ వర్తిస్తాయి.

## 1. మొదలుపెట్టే ముందు తెలుసుకోవలసిన నియమాలు

సింక్ చేసే ప్రోగ్రామ్ దృష్టిలో తొలగింపు కూడా ఒక మార్పే. ఫైల్‌లో ఒక వాక్యం చేర్చితే ఆ మార్పు మిగతా పరికరాలకు ఎలా చేరుతుందో, ఫైల్‌ను తొలగిస్తే ఆ సంగతి కూడా అలాగే చేరుతుంది. అందువల్ల సింక్ ఉన్నంత మాత్రాన బ్యాకప్ ఉన్నట్లు కాదు.

ప్రతి పరికరమూ ఒక్కో ఫైల్‌ను ఎవరు ఎన్నిసార్లు మార్చారన్న లెక్కను తన దగ్గర రాసి ఉంచుకుంటుంది. ల్యాప్‌టాప్ చేసిన మార్పు ఫోన్ చేసిన మార్పును చూసిన తరువాత జరిగినదైతే అది కొత్త ప్రతి మాత్రమే, కాబట్టి పాతదాని స్థానంలో చేరిపోతుంది. ఒకదాన్ని మరొకటి చూడకుండా రెండు పరికరాలూ మార్చినప్పుడే కాన్‌ఫ్లిక్ట్ ఏర్పడుతుంది. ఇక్కడ ‘చూడటం’ అంటే ఆ మార్పు ఆ పరికరం డిస్క్‌కు చేరడం అని మాత్రమే అర్థం. మనిషి దాన్ని తెరిచి చదివాడా లేదా అన్నది ప్రోగ్రామ్‌కు తెలియదు. ఈ చిన్న తేడా వల్ల వచ్చే ప్రమాదం గురించి 4వ భాగంలో చెబుతాను.

కాన్‌ఫ్లిక్ట్ వచ్చినప్పుడు ఏ ప్రతిలో ఎక్కువ సమాచారం ఉందో సింక్‌థింగ్ పరిశీలించదు. చివరిగా మార్చిన సమయం ఏ ప్రతికి తాజాగా ఉంటే ఆ ప్రతి అసలు పేరుతో నిలుస్తుంది. రెండవ ప్రతి పేరు ఈ రూపంలోకి మారుతుంది:

```
kharchulu.sync-conflict-20250915-194012-K3XQ7LM.xlsx
```

ఇందులోని తేదీ, సమయం కాన్‌ఫ్లిక్ట్ కాపీ తయారైన క్షణానివి. ఆ ఫైల్‌ను మనం ఎప్పుడు మార్చామో అవి చెప్పవు. చివరి ఏడు అక్షరాలు ఒక పరికరం గుర్తు. అయితే అది ఎవరి ప్రతి అన్నది పేరును బట్టి నిర్ణయించకుండా, లోపలి విషయాన్ని చూసి తేల్చుకోవడమే క్షేమం.

ఒకరు తొలగించిన ఫైల్‌ను అదే వేళ మరొకరు మార్చితే ఏమవుతుందన్నది వెర్షన్‌ను బట్టి ఉంటుంది. 2.0కు ముందు ఎప్పుడూ మార్పే గెలిచేది, తొలగించిన చోట ఆ ఫైల్ మళ్లీ ప్రత్యక్షమయ్యేది. 2025లో వచ్చిన 2.0 నుంచి తొలగింపు కూడా గెలవవచ్చు. అప్పుడు మార్చిన ప్రతి కాన్‌ఫ్లిక్ట్ కాపీగా మిగులుతుంది. కాబట్టి మూడు పరికరాల్లోనూ ఒకే ప్రధాన వెర్షన్ ఉండేలా చూసుకోవడం మంచిది.

## 2. సిద్ధం చేసుకోవడం: పాత ప్రతులు ఎక్కడ మిగలాలి

సింక్‌థింగ్‌లో పాత ప్రతులను దాచే సదుపాయాన్ని `File Versioning` అంటారు. దీన్ని చాలామంది అపార్థం చేసుకుంటున్నారు కాబట్టి కొంచెం ఆగి చదవండి.

ఒక పరికరంలో ఈ సదుపాయాన్ని ఆన్ చేస్తే, ఇతర పరికరాల నుంచి వచ్చిన ఆదేశం మేరకు తీసివేసిన ఫైళ్లను, లేదా మార్చివేసిన ఫైళ్ల పాత ప్రతులను అది `.stversions` అనే ఫోల్డర్‌లో ఉంచుతుంది. అదే పరికరంలో మీరు స్వయంగా తొలగించిన ఫైల్‌ను మాత్రం ఉంచదు. అంటే ఫోన్‌లో మాత్రమే ఆన్ చేసి, ఫోన్‌లోనే ఫైల్‌ను తొలగిస్తే ఎక్కడా ఏ ప్రతీ మిగలదు. అదే సర్వర్‌లో ఆన్ చేసి ఉంటే, ఫోన్‌లో తొలగించినా ల్యాప్‌టాప్‌లో తొలగించినా సర్వర్‌కు అది బయటి నుంచి వచ్చిన ఆదేశమే కాబట్టి పాత ప్రతి అక్కడ భద్రంగా ఉంటుంది. సర్వర్‌లో ఎవరూ కూర్చుని ఫైళ్లను చేత్తో మార్చరు. అందుకే ఈ పనికి అదే తగిన చోటు.

ఈ సెట్టింగ్ ఒక పరికరం నుంచి మరొక పరికరానికి తనంతట తాను వెళ్లదు. `.stversions` ఫోల్డర్ కూడా సింక్ కాదు. ప్రతి పరికరంలోనూ విడిగా పెట్టుకోవాలి.

చేయవలసిన క్రమం ఇది:

1. సర్వర్‌లో సింక్‌థింగ్ పేజీ తెరిచి, ఫోల్డర్ కింద `Edit` నొక్కి, `File Versioning` ట్యాబ్‌లో `Staggered File Versioning` ఎంచుకోండి. `Maximum Age` 365 రోజులు ఉంచండి. ఇది ఇటీవలి ప్రతులను దగ్గర దగ్గరగా, పాతవాటిని దూరం దూరంగా ఉంచుతుంది: మొదటి గంటకు 30 సెకన్లకొకటి, మొదటి రోజుకు గంటకొకటి, 30 రోజుల వరకు రోజుకొకటి, ఆ తరువాత వారానికొకటి.
2. ల్యాప్‌టాప్‌లో `Trash Can File Versioning` ఎంచుకుని, `Clean out after` దగ్గర 30 రోజులు పెట్టండి. అక్కడ సున్నా ఉంచితే ఎప్పటికీ శుభ్రం కాదు, డిస్క్ నిండిపోతుంది.
3. ఫోన్‌లో చోటు తక్కువ కాబట్టి దీన్ని ఆన్ చేయకపోయినా ఫరవాలేదు.
4. మూడు పరికరాల్లోనూ తేదీ, సమయం నెట్‌వర్క్ నుంచి తీసుకునేలా ఉన్నాయో లేదో చూడండి. కాన్‌ఫ్లిక్ట్‌లో గెలుపు ఓటములు సమయాన్ని బట్టే ఉంటాయి కాబట్టి, గడియారం ముందున్న ఫోన్ ఎప్పుడూ అన్యాయంగా గెలుస్తుంది.

అసలు ఫైళ్లను పెట్టే ముందు `pariksha` అనే ఖాళీ ఫోల్డర్‌ను మూడింటి మధ్యా పంచుకుని, సర్వర్‌లో దానికీ పై 1వ అంశంలోని సెట్టింగే పెట్టి ఒకసారి పరీక్షించండి. ఒక ఫైల్‌ను ఫోన్‌లో తొలగించి, సర్వర్‌లోని `.stversions`లో అది కనిపిస్తోందో లేదో చూడండి. తరువాత ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, మరొక ఫైల్‌ను ఫోన్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ వేర్వేరుగా మార్చి, ఫోన్‌ను తిరిగి కలపండి. కాన్‌ఫ్లిక్ట్ కాపీ మూడు చోట్లా కనిపించాలి. ఈ రెండూ కళ్లారా చూసిన తరువాతే ఇంటి పత్రాలను, లెక్కలను ఇందులో పెట్టండి.

## 3. ఒక కాన్‌ఫ్లిక్ట్‌ను మొదటి నుంచి చివరి వరకు చూద్దాం

నంద్యాలలో ఇల్లు కట్టిస్తున్న ఒక దంపతులు ఖర్చులన్నీ `kharchulu.xlsx` అనే ఫైల్‌లో రాస్తున్నారనుకుందాం. భర్త ఫోన్‌తో పని జరిగే చోట ఉంటారు, భార్య హైదరాబాదులో ల్యాప్‌టాప్ వాడతారు. ఫోన్‌లోని యాప్ వైఫై ఉన్నప్పుడు మాత్రమే సింక్ చేసేలా పెట్టుకున్నారు.

2025 సెప్టెంబరు 15 ఉదయం మూడు చోట్లా ఒకే ప్రతి ఉంది. 10:20కి భర్త మేస్త్రీకి ఇచ్చిన 18,000 రూపాయలు ఫోన్‌లో రాశారు. వైఫై లేదు కాబట్టి ఆ మార్పు ఫోన్‌లోనే ఆగింది. 11:05కి భార్య సిమెంటు బిల్లు 41,600 రూపాయలు ల్యాప్‌టాప్‌లో రాశారు. అది వెంటనే సర్వర్‌కు చేరింది. సాయంత్రం 7:40కి భర్త బసకు వచ్చి వైఫై కలిపారు.

ఆ క్షణాన ఫోన్ తన ప్రతిని, సర్వర్ చెప్పిన ప్రతిని పోల్చి, రెండూ ఒకదాన్నొకటి చూడకుండా మారాయని గుర్తిస్తుంది. 11:05 నాటి ప్రతి తాజాది కాబట్టి అది `kharchulu.xlsx`గా నిలుస్తుంది. మేస్త్రీ కూలీ ఉన్న ఫోన్ ప్రతి పేరు మారి, పైన చూపిన `sync-conflict` ఫైల్ అవుతుంది. అది మామూలు ఫైల్‌లాగే సర్వర్‌కూ ల్యాప్‌టాప్‌కూ చేరుతుంది. ఇది పొరపాటున వచ్చిన చెత్త కాదు, 18,000 రూపాయల లెక్క ఇప్పుడు ఆ ఒక్క ఫైల్‌లోనే ఉంది.

దీన్ని చక్కదిద్దే క్రమం:

1. భర్తకు ఫోన్ చేసి, ‘ఏమండీ, నేను చెప్పేవరకు లెక్కల ఫైల్ ముట్టుకోకండి’ అని భార్య చెప్పాలి. కలిపే పని ఒక్కరే, ఒక్క పరికరంలోనే చేయాలి. ఇద్దరూ మొదలుపెడితే కాన్‌ఫ్లిక్ట్ మీద మరో కాన్‌ఫ్లిక్ట్ వస్తుంది.
2. ల్యాప్‌టాప్‌లో ఫోల్డర్ `Up to Date` అని చూపుతోందో లేదో చూసి, అప్పుడే రెండు ఫైళ్లనూ పక్కపక్కన తెరవాలి.
3. అసలు ఫైల్‌లో లేనిది, కాపీలో ఉన్నది ఏమిటో వెతకాలి. ఇక్కడ అది మేస్త్రీ వరుస ఒక్కటే. కొత్త వరుసలనే కాక, పాత వరుసల్లో దిద్దిన అంకెలను కూడా చూడాలి. చాలామంది వదిలేసేది ఇదే.
4. ఆ వరుసను అసలు ఫైల్‌లో చేర్చి, సేవ్ చేసి, ఫైల్‌ను మూసివేయాలి.
5. సర్వర్, ఫోన్ రెండూ `Up to Date` అయ్యాక ఫోన్‌లో అసలు ఫైల్ తెరిచి, రెండు మొత్తాలూ ఉన్నాయని భర్త చూసి చెప్పాలి.
6. ఆ తరువాతే కాన్‌ఫ్లిక్ట్ కాపీని ల్యాప్‌టాప్‌లో తొలగించాలి. ఆ తొలగింపు మిగతా రెండింటికీ చేరుతుంది. సర్వర్ `.stversions`లో ఒక ప్రతి మిగులుతుంది కాబట్టి ఏదైనా మరచిపోయినా దారి ఉంటుంది.

అసలు ఫైల్‌ను తీసివేసి కాన్‌ఫ్లిక్ట్ కాపీకి అసలు పేరు పెట్టడం సరైన పరిష్కారం కాదు. అలా చేస్తే మేస్త్రీ కూలీ తిరిగి వస్తుంది గానీ సిమెంటు బిల్లు పోతుంది.

కాన్‌ఫ్లిక్ట్ కాపీలను పట్టించుకోకుండా పోగుపడనివ్వడం కూడా ప్రమాదమే. ఒక్కో ఫైల్‌కు మామూలుగా 10 కాపీలనే సింక్‌థింగ్ ఉంచుతుంది, ఆ తరువాత పాతవి పోతాయి. వారానికొకసారి వెతకడానికి లినక్స్, మ్యాక్‌లలో ఈ ఆదేశం చాలు:

```
find ~/sync -name '*.sync-conflict-*' -not -path '*/.stversions/*'
```

విండోస్‌లో ఫోల్డర్ తెరిచి, వెతికే పెట్టెలో `sync-conflict` అని టైప్ చేయండి.

## 4. కాన్‌ఫ్లిక్ట్ కాపీ రాకుండానే మార్పు పోయే సందర్భం

పై ఉదాహరణలో కనీసం ఒక హెచ్చరిక వచ్చింది. ఏ హెచ్చరికా లేకుండా పని పోయే సందర్భం ఇంకొకటి ఉంది. నా అభిప్రాయంలో అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్తపడవలసింది దీనికే.

ల్యాప్‌టాప్‌లో ఒక టెక్స్ట్ ఫైల్‌ను ఉదయం తెరిచి అలాగే వదిలేశారనుకోండి. మధ్యాహ్నం ఫోన్‌లో చేసిన మార్పు సర్వర్ మీదుగా వచ్చి ల్యాప్‌టాప్ డిస్క్ మీది ఫైల్‌ను మార్చింది. కానీ తెరిచి ఉన్న ఎడిటర్‌లో ఇంకా ఉదయపు పాఠమే ఉంది. సాయంత్రం మీరు అందులో ఒక పంక్తి చేర్చి సేవ్ చేశారు. ఎడిటర్ హెచ్చరించకపోతే ఉదయపు పాఠం, కొత్త పంక్తి కలిసి డిస్క్ మీద చేరుతాయి, ఫోన్ చేసిన మార్పు చెరిగిపోతుంది.

సింక్‌థింగ్ దృష్టిలో ఇందులో తప్పేమీ లేదు. ఫోన్ మార్పు ల్యాప్‌టాప్‌కు చేరిన తరువాతే ల్యాప్‌టాప్ మార్పు జరిగింది కాబట్టి దాన్ని సక్రమమైన కొత్త ప్రతిగానే భావించి అందరికీ పంపుతుంది. కాన్‌ఫ్లిక్ట్ కాపీ తయారుకాదు.

విండోస్‌లో ఎక్సెల్ తెరిచి ఉన్నంతసేపు ఆ ఫైల్‌కు తాళం వేసి ఉంచుతుంది కాబట్టి, సింక్‌థింగ్ దాన్ని మార్చలేక ఆ ఫోల్డర్ దగ్గర లోపం చూపుతూ ఉంటుంది. మీరు సేవ్ చేసి మూసిన తరువాత నిజమైన కాన్‌ఫ్లిక్ట్ కాపీ వస్తుంది. చూడటానికి చికాకుగా ఉన్నా ఇదే మేలు.

దీనికి నివారణ, చికిత్స రెండూ ఉన్నాయి:

- ఫైల్‌ను తెరిచే ముందు `Up to Date` ఉందో లేదో చూడండి, పని కాగానే మూసివేయండి.
- ‘ఈ ఫైల్ డిస్క్ మీద మారింది’ అని ఎడిటర్ చెబితే, కాదని సేవ్ చేయకండి. మీ పాఠాన్ని వేరే పేరుతో సేవ్ చేసి, అసలు ఫైల్‌ను మళ్లీ తెరిచి కలపండి.
- మార్పు పోయిందని తరువాత గమనిస్తే సర్వర్‌లో `Versions` బటన్ నొక్కండి. ల్యాప్‌టాప్ ప్రతి చేరినప్పుడు సర్వర్ పక్కన పెట్టిన ఫోన్ ప్రతి అందులో ఉంటుంది.

## 5. తొలగింపు: ఫోన్‌లో చోటు కోసం ఫొటోలు తీసేసే ముందు

ఫోన్ కెమెరా ఫోల్డర్‌ను సింక్ చేసేవారు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. ఫోన్ వైపు ఫోల్డర్‌ను `Send Only` చేస్తే చాలని చాలామంది నమ్ముతారు. దాని వల్ల ల్యాప్‌టాప్‌లో చేసిన తొలగింపు ఫోన్‌కు రాదు, అంతవరకు నిజమే. కానీ ఫోన్‌లో చేసిన తొలగింపు మాత్రం మిగతావాటికి తప్పకుండా వెళుతుంది.

అధునాతన సెట్టింగ్‌లలో తొలగింపులను పట్టించుకోవద్దని చెప్పే `Ignore Delete` ఉంది. దాన్ని వాడమని నేను సలహా ఇవ్వను. అది ఆన్ చేసిన పరికరానికీ మిగతావాటికీ లెక్క కుదరక, ఫోల్డర్ ఎన్నటికీ సమానంగా ఉన్నట్లు చూపదు. కొన్నాళ్లకు నిజమైన లోపమేదో, ఈ సెట్టింగ్ వల్ల వచ్చినదేదో తెలియకుండా పోతుంది.

సరైన మార్గం ఫొటోలను సింక్ పరిధి బయట ఉన్న మరొక ఫోల్డర్‌కు కాపీ చేయడం. సర్వర్‌లో:

```
mkdir -p ~/archive/Camera
rsync -a --ignore-existing --exclude=.stversions ~/sync/Camera/ ~/archive/Camera/
```

ఇది కొత్త ఫొటోలను మాత్రమే చేర్చుతుంది, అప్పటికే ఉన్నవాటిని మార్చదు, ఏదీ తొలగించదు. తరువాత ఈ వరుసలో సరిచూసుకోండి:

- ☐ ఆదేశం నడిపే ముందు ఫోన్, సర్వర్ రెండూ `Up to Date` చూపాయి.
- ☐ `~/archive/Camera`లో తాజా ఫొటో ఉంది, తెరిస్తే కనిపిస్తోంది.
- ☐ ముందు పది ఫొటోలే ఫోన్‌లో తొలగించాను, అవి `archive`లో అలాగే ఉన్నాయి.
- ☐ అప్పుడు మిగతావి తొలగించాను.

## 6. తొలగించినవి తిరిగి వస్తుంటే

దీనికి సాధారణంగా మూడు కారణాలు ఉంటాయి.

మొదటిది, చాలాకాలం మూలన పడి ఉన్న పాత ఫోన్. తొలగించిన ఫైళ్ల జాబితాను 2.0 వెర్షన్ శాశ్వతంగా దాచదు, 15 నెలల తరువాత మరచిపోతుంది. అంతకంటే ఎక్కువ కాలం తరువాత పాత పరికరాన్ని కలిపితే, దానిలోని పాత ఫైళ్లు కొత్తవిగా అందరికీ చేరుతాయి. అలాంటి పరికరంలో ఫోల్డర్‌ను ఖాళీ చేసి, కొత్తగా చేర్చుకోవాలి.

రెండవది, యాప్‌ను తీసివేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసి, పాత ఫైళ్లున్న ఫోల్డర్‌నే చూపడం. పాత లెక్క పోయింది కాబట్టి, ఆ ఫైళ్లు ఎప్పుడో తొలగించినవని ఆ పరికరానికి తెలియదు.

మూడవది పేరు మార్చడం. ఒక ఫైల్‌ను వేరే ఫోల్డర్‌లోకి మార్చితే, సింక్‌థింగ్ దాన్ని పాత పేరు తొలగింపుగా, కొత్త పేరు చేర్పుగా చూస్తుంది. ల్యాప్‌టాప్‌లో మీరు ఫోల్డర్లన్నీ సర్దుతున్న వేళ, నెట్ లేని ఫోన్‌లో ఎవరైనా పాత చోట ఉన్న ఫైల్‌ను మార్చితే, కొత్త చోట పాత పాఠమూ, పాత చోట మారిన ఫైల్ లేదా దాని కాన్‌ఫ్లిక్ట్ కాపీ మిగులుతాయి. పెద్ద సర్దుబాటుకు ముందు అన్ని పరికరాలూ ఆన్‌లైన్‌లో, `Up to Date`గా ఉన్నాయని చూసుకోండి.

## 7. ముట్టుకోకూడని మూడు చోట్లు

ప్రతి సింక్ ఫోల్డర్‌లోనూ `.stfolder` అనే గుర్తు ఉంటుంది. బయటి డిస్క్ ఊడిపోయినప్పుడు ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తుంది. ఆ గుర్తు కూడా కనిపించకపోవడం వల్లే సింక్‌థింగ్ `folder marker missing` అని ఆగిపోతుంది, అన్నీ తొలగించారని అనుకోదు. ఆ లోపం పోగొట్టడానికి ఖాళీ ఫోల్డర్‌లో చేత్తో `.stfolder` సృష్టిస్తే, ఫైళ్లన్నీ తొలగిపోయాయన్న సమాచారం మిగతా పరికరాలకు వెళుతుంది. ముందు డిస్క్‌ను కలిపి, ఫైళ్లు కనిపిస్తున్నాయో లేదో చూడండి.

`Send Only` ఫోల్డర్‌లో కనిపించే `Override Changes` బటన్, ఈ పరికరంలో ఉన్నదే నిజమని మిగతావాటి మీద రుద్దుతుంది. ఇక్కడ లేని ఫైళ్లు అక్కడ కూడా పోతాయి. `Receive Only` ఫోల్డర్‌లోని `Revert Local Changes` దీనికి వ్యతిరేక దిశలో పనిచేస్తుంది, ఈ పరికరంలో కొత్తగా చేర్చిన ఫైళ్లను తీసివేస్తుంది. ఈ రెండింటినీ లోపాన్ని పోగొట్టే బటన్లుగా భావించి నొక్కకండి.

## 8. పొరపాటున ఫోల్డర్ మొత్తం తొలగిస్తే

వేగం కంటే వరుస ముఖ్యం.

1. తొలగింపు ఇంకా చేరని పరికరం ఏదైనా ఉందేమో ఆలోచించండి. ఆఫ్‌లో ఉన్న ల్యాప్‌టాప్, వైఫై లేని ఫోన్ అలాంటివే. దాన్ని నెట్‌కు కలపకుండా తెరిచి, ఫైళ్లను సింక్ బయటి ఫోల్డర్‌లోకి కాపీ చేయండి.
2. మిగతా పరికరాల్లో ఆ ఫోల్డర్‌కు `Pause` నొక్కండి.
3. తొలగించినది ల్యాప్‌టాప్‌లో అయితే అక్కడి రీసైకిల్ బిన్ చూడండి.
4. సర్వర్‌లో ఆ ఫోల్డర్‌ను తిరిగి నడిపించి, `Versions` తెరిచి, తేదీని బట్టి తొలగింపుకు ముందున్న ప్రతులను ఎంచుకుని పునరుద్ధరించండి. ఈ పునరుద్ధరణ కొత్త మార్పుగా నమోదవుతుంది కాబట్టి, మిగతా పరికరాలకు కూడా ఫైళ్లు వాటంతటవే చేరుతాయి.
5. ల్యాప్‌టాప్‌ను ముందు, ఫోన్‌ను తరువాత తిరిగి కలపండి. ఒక్కొక్కటి `Up to Date` అయ్యాకే రెండవదాన్ని కలపాలి.
6. 1వ దశలో పక్కన పెట్టిన కాపీలో ఉన్న ఫైళ్ల సంఖ్యను, పునరుద్ధరించిన ఫోల్డర్‌లోని సంఖ్యతో పోల్చండి. సర్వర్‌కు ఎన్నడూ చేరని ఫైళ్లు, అంటే నెట్ లేనప్పుడు ఫోన్‌లో సృష్టించి ఫోన్‌లోనే తొలగించినవి, `Versions`లో దొరకవు.

## 9. ఇతర సేవలు వాడేవారు చూసుకోవలసినవి

డ్రాప్‌బాక్స్ ఉచిత ఖాతాలో, గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో, వ్యక్తిగత వన్‌డ్రైవ్ రీసైకిల్ బిన్‌లో తొలగించిన ఫైళ్లు 30 రోజులు ఉంటాయి. నెక్స్ట్‌క్లౌడ్ వాడేవారు మాత్రం ఒక తేడా గమనించాలి. అందులో కాన్‌ఫ్లిక్ట్ వస్తే సర్వర్ ప్రతి అసలు పేరుతో నిలుస్తుంది, ల్యాప్‌టాప్‌లోని మీ ప్రతి `conflicted copy` అనే పేరుతో మిగులుతుంది. మామూలు సెట్టింగ్‌లలో ఆ కాపీ సర్వర్‌కు ఎక్కదు, అది ఆ ల్యాప్‌టాప్‌లో మాత్రమే ఉంటుంది. కాబట్టి నెక్స్ట్‌క్లౌడ్ ల్యాప్‌టాప్‌ను ఫార్మాట్ చేసే ముందు, లేదా మరొకరికి ఇచ్చే ముందు, సింక్ ఫోల్డర్‌లో `conflicted copy` అని వెతికి, దొరికిన ప్రతి ఫైల్‌నూ 3వ భాగంలో చెప్పిన క్రమంలోనే కలుపుకోవాలి.